సంగీత్ లెహంగాల రంగుల గురించి

అందరికీ నమస్కారం. నెల్లూరులో నిన్న చూసిన ముదురాకుపచ్చ లెహంగా పెళ్లికూతురికి వద్దని నా మాట. స్టేజీ మీద ఊదా, గులాబీ లైట్లే ఎక్కువ. ఆ వెలుగులో ఎరుపు, నీలం తప్ప పచ్చ దాదాపు ఉండదు. పచ్చబట్టకు తిప్పి పంపడానికి వెలుగే దొరకక నల్లగా కనిపిస్తుంది. మా చెల్లెలి సంగీత్‌లో అదే జరిగింది. అంత ఖరీదైన పట్టు ఫోటోల్లో బొగ్గులా వచ్చింది!

వైన్ రంగు పట్టుకు రాగి ఛాయ జరీ పని ఉన్నది చూడండి. గులాబీ లైటులో వైన్ వెలుగుతుంది, నీలం లైటులో బట్ట నల్లబడినా జరీ మెరుస్తుంది. వెల్వెట్ మాత్రం వద్దు, వెలుగును మింగేస్తుంది. మెరిసే రాణి గులాబీ కూడా అనుమానమే. గులాబీ లైటులో కెమెరాకు ఎరుపు మితిమీరి మడతలు, కుట్టుపని కలిసిపోతాయి.

కొనేముందు ఫోన్లో నిండు ఊదారంగు బొమ్మ పెట్టి, వెలుగు పూర్తిగా పెంచి, ట్రయల్ రూములో లైటు ఆర్పి బట్ట దగ్గర పట్టండి. తర్వాత నీలంతోనూ చూడండి. లైట్ల అతనితో ముందువైపు నుంచి పసుపు ఛాయ తెల్లలైటు ఒకటి ఆర్పకుండా ఉంచమని నేను మాట్లాడతాను, లేకపోతే ముఖాలూ ఊదారంగే.