వంటల వీడియోల ఖాతా: జమా ఖర్చుల వివరణ

అపార్ట్‌మెంట్ వాసులందరికీ నమస్కారం. మన పెద్దవాళ్ళ చేతి వంటలను పైనుంచి వీడియో తీసి దాచుకుందామని వేసవిలో చందాలు వసూలు చేశాం. లెక్క చెప్పడం ఆలస్యమైంది, క్షమించండి. డబ్బు ఏమైందని నలుగురూ అడుగుతున్నారు కాబట్టి పూర్తిగా రాస్తున్నాం.

జమ: 38 ఇళ్ళు ఇంటికి 500 చొప్పున ఇస్తామన్నాయి. 33 ఇళ్ళ నుంచి 16,500 వచ్చింది. అమెరికాలో ఉన్న ఒక అబ్బాయి, వాళ్ళ అమ్మమ్మ అరిసెలు తీయమని 2,000 పంపాడు. మొత్తం 18,500. అందరికీ కృతజ్ఞతలు. ఇంకా ఐదు ఇళ్ళ నుంచి 2,500 రావాలి. రెండుసార్లు గుర్తు చేశాం.

ఖర్చు: మొదటి స్టాండు 1,450. రెండో సెట్టు (రెండు స్టాండ్లు, అడ్డ గొట్టం, ఇసుక సంచులు) 3,800. ఫోన్ హోల్డరు 650. రెండు లైట్లు, వాటి తెల్ల గుడ్డ పెట్టెలు 5,200. ఇండక్షన్ పొయ్యి 2,600. ఫోన్ స్క్రీన్ మార్పిడి 4,300. మొత్తం 18,000. నిల్వ 500.

ఎక్కువ మాట వచ్చింది ఫోన్ రిపేరు, రెండో స్టాండు గురించి. జరిగింది ఇది. మొదట కొన్నది ఒక్క స్టాండు, దానికి పొడవాటి చేయి. ఫోను, హోల్డరు కలిపి 350 గ్రాములు, స్టాండుకు 80 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతున్నాయి. వెనక తోక 20 సెంటీమీటర్లే. చేతి సొంత బరువు వదిలేసినా, సరితూగాలంటే తోకకు 1,400 గ్రాములు కట్టాలి. మేము కట్టింది అర కిలో కందిపప్పు ప్యాకెట్. పైగా మూడు కాళ్ళలో ఒకటి చేయి కిందికి రావాలని మాకు తెలియదు, రెండు కాళ్ళ మధ్య ఖాళీని అటు తిప్పి పెట్టాం. బామ్మగారు బెల్లం గిన్నె జరపగానే స్టాండు ముందుకు వాలి, ఫోను గట్టు అంచుకు తగిలి పగిలింది. అది సభ్యురాలి కూతురి సొంత ఫోను, మన పనికి ఇచ్చింది. దాని ఖర్చు ఆ పిల్ల మీద వేయడం మాకు న్యాయమనిపించలేదు. తప్పు మాది, అందుకే ఖాతాలో రాశాం.

అదే స్టాండుకు బరువు పెంచితే సరిపోయేది కదా అన్నారు. కానీ మూకుడులో మరిగే నూనె మీద ఒక పక్క నుంచి వేలాడే బరువును మేము నమ్మలేకపోయాం. ఇప్పుడు బల్లకు అటూ ఇటూ రెండు స్టాండ్లు, మధ్యలో గొట్టం, దానికి ఫోను. బరువు రెండు వైపులా పంచుకుంటుంది. సీలింగ్‌కు బిగించవచ్చు గానీ, అద్దె ఇళ్ళలో డ్రిల్లు కొట్టనివ్వరు.

లైట్లు దండగ అన్నవాళ్ళు మొదటి వీడియో చూడాలి. ట్యూబులైటు ఫోను వెనక పైన ఉంది కాబట్టి ఫోను నీడ, చేతి నీడ మూకుడులోనే పడ్డాయి. ఇప్పుడు పై లైటు ఆర్పి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా వెలుగు వేస్తున్నాం. ఎడమది కాస్త దగ్గరగా, కుడిది దూరంగా పెడితే అరిసె మీది నువ్వులు ఉబ్బెత్తుగా కనబడతాయి. రెండూ సమానంగా ఉంటే అంతా చదునుగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బుల కింద నల్ల చారలు కదిలేవి. షట్టర్ 1/100కి మార్చాక చాలావరకు పోయాయి.

గ్యాస్ ఉండగా ఇండక్షన్ ఎందుకన్న ప్రశ్నకు: మంట వేడి మూకుడు చుట్టూ ఎగసి ఫోనుకు తగిలేది, పావుగంటకే వేడెక్కి రికార్డింగ్ ఆగిపోయేది. ఇండక్షన్‌లో ఆ వేడి తక్కువ, పొయ్యిని హాల్లో బల్ల మీద పెట్టుకోవచ్చు. కానీ అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దాని మీద పనికిరాదు. చదును అడుగు ఇనప మూకుడు మూడో అంతస్తు వాళ్ళు ఇచ్చారు, దానికి ఖర్చు లేదు. ఆవిరికి లెన్సు మసకబారకుండా ఫోను ఎత్తు పెంచి రెండు రెట్లు జూమ్ పెడుతున్నాం.

చేతులు ఫ్రేములో నిలవడానికి ఖర్చు కాలేదు. బామ్మగారు పాకం చూడ్డానికి వంగితే తల్లో పూలే కనబడేవి, నీళ్ళలో వేసిన పాకం వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కట్టిన క్షణం రికార్డు కాలేదు. బల్ల మీద ఫ్రేము అంచులకు టేపు అంటించాం. నీళ్ళ గిన్నె ఆ గీతల లోపలే, ఆవిడకు దగ్గరగా పెట్టి, ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాం. ఇక వంగాల్సిన పని లేదు. చేతులు ఫ్రేము కింది అంచు నుంచి రావాలి కాబట్టి ఫోను ఆవిడ వైపు నుంచే బిగిస్తాం. నేల వైపు చూసే ఫోను తనంతట తానే తిరుగుతుంది, అందుకే ఆటో రొటేట్ ఆపి మొదలుపెడతాం. ఫోకస్, వెలుగు తాళం వేస్తాం, లేకపోతే చెయ్యి లోపలికి వచ్చినప్పుడల్లా చిత్రం మసకేసి మళ్ళీ తేటపడుతుంది.

ఇప్పటికి అరిసెలు, గోంగూర పచ్చడి, బొబ్బట్లు పూర్తయ్యాయి. బిల్లులన్నీ కార్యదర్శి గారి దగ్గర ఫైలులో ఉన్నాయి, ఎప్పుడైనా చూడవచ్చు. ఫోన్ రిపేరు బిల్లు అందులో పైనే పెట్టాం. బాకీ ఉన్న ఐదు ఇళ్ళవాళ్ళు వచ్చే ఆదివారం లోగా ఇస్తే, పూతరేకుల వీడియోకి కావలసిన సామాను కొంటాం.