యాప్‌లో పెద్దవి చేయించిన పాత ఫొటోల గురించి: మా స్టూడియో కస్టమర్లకు

"ఫోన్‌లో యాప్‌తో క్లియర్ చేయిస్తే అమ్మమ్మకి ముక్కుపుడక వచ్చింది. ఆవిడ ఎప్పుడూ పెట్టుకోలేదు. ఎక్కణ్నుంచి వచ్చిందండీ?"

ప్రింటు మీద పూత లేచిపోయిన చోటు నుంచి. వాట్సాప్‌లో వచ్చిన అసలు ఫొటోని జూమ్ చేస్తే ముక్కు పక్కన ఒకే ఒక్క తెల్ల పిక్సెల్ ఉంది. ఇంట్లో ఉన్న ప్రింటు తెప్పించి చూస్తే, సరిగ్గా అక్కడే చిన్న పెచ్చు ఊడింది. యాప్ దాన్ని పుడక అనుకుని రాయి, మెరుపు, కింద సన్నటి నీడతో సహా గీసేసింది. ఇలాంటివి ఫ్రేము కట్టమని ఈమధ్య చాలా వస్తున్నాయి కాబట్టి, లోపల జరిగేదేమిటో చెప్తాను.

ఫొటోని పెద్దది చేసే పాత పద్ధతి బైక్యూబిక్. పక్కపక్క పిక్సెళ్ల రంగులు కలిపి మధ్య ఖాళీలు నింపుతుంది. మసకగానే ఉంటుంది కానీ లేని పుడక పెట్టదు. ఇలాంటి యాప్‌లలో వాడే డిఫ్యూజన్ అనే ఏఐ పద్ధతి దారి వేరు. అందులో పనిచేసే ఏఐ మోడల్‌కి, లెక్కలేనన్ని ఫొటోల మీద నాయిస్, అంటే ఇష్టమొచ్చినట్టు పడ్డ రంగు చుక్కలు చల్లి, దాన్ని తీసేయడం నేర్పుతారు. పెద్దది చేసేటప్పుడు అది నాయిస్‌తోనే మొదలుపెట్టి, మీ చిన్న ఫొటోని ఆధారంగా ఉంచుకుని, అంచెలంచెలుగా శుభ్రం చేస్తూ పోతుంది. ప్రతి అంచెలోనూ అది చూసుకునేది, ఇలాంటి చోట మామూలుగా ఏముంటుంది అని. మీ అమ్మమ్మ ముఖంలో ఏముందో దానికి తెలిసే దారి లేదు.

ఆ అమ్మమ్మ ఉన్నది గ్రూప్ ఫొటో, అందులో ఒక్కో ముఖం 40 పిక్సెళ్ల వెడల్పు కూడా లేదు. కన్ను 8 పిక్సెళ్ల వెడల్పు, 4 పిక్సెళ్ల ఎత్తు అనుకోండి, మొత్తం 32. అటూ ఇటూ నాలుగింతలు చేస్తే ఆ కంటికి 512 పిక్సెళ్లు కావాలి. కనురెప్ప మడత, వెంట్రుకలు, నల్లగుడ్డులో మెరుపు, ఇవన్నీ ఆ 32లో లేవు. ఎవరో ఒకరి కన్ను పెట్టాల్సిందే.

"మళ్లీ చిన్నది చేసి పాతదానితో పోల్చాం, సరిపోయింది" అంటారు కొందరు. సరిపోతుంది మరి. చిన్నది చేస్తే ఆ 32 పిక్సెళ్లే వచ్చే కళ్లు వేలకొద్దీ ఉంటాయి, మోడల్ అందులో ఒకటి ఎంచుకుంది. అది మీ అమ్మమ్మదే అనడానికి ఆ పోలిక సాక్ష్యం కాదు.

మేము చేసే పరీక్ష వేరు. సాఫ్ట్‌వేర్‌లో సీడ్ అనే నంబరు ఉంటుంది, మొదట చల్లే నాయిస్‌ని నిర్ణయించేది అదే. మిగతావేవీ కదపకుండా ఆ నంబరు మార్చి మళ్లీ నడుపుతాం. ఈ ఫొటోలో ఒకసారి పుడక వచ్చింది, ఇంకోసారి పుట్టుమచ్చ లాంటిది, మరోసారి అక్కడ నున్నటి చర్మమే. ఇలా మారిపోయేదేదీ ఫొటోలోంచి వచ్చింది కాదు. మారనివన్నీ నిజమని కూడా నమ్మలేం; చర్మం ముడతలు తీసేయడం, పళ్లు సరిచేయడం మోడల్‌కి అలవాటైతే ప్రతిసారీ అదే చేస్తుంది. వెనక షాపు బోర్డు ఉంటే ఇంకా తేలిగ్గా పట్టుకోవచ్చు. దూరం నుంచి తెలుగులాగే ఉంటుంది, తలకట్లూ గుడులూ కనిపిస్తాయి, చదవబోతే ఒక్క అక్షరమూ ఉండదు.

ఫొటోని ఎంతవరకు మార్చొచ్చో సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే డీనాయిజ్ అనే మీట తగ్గిస్తే కల్పన తగ్గుతుంది. 0.2 దగ్గర ముఖం దాదాపు అలాగే ఉంటుంది, కాస్త పదును వస్తుంది. 0.5 దాటాక బంధువులే గుర్తుపట్టని ముఖాలు వస్తుంటాయి. ఫోన్ యాప్‌లలో చాలావాటికి ఈ మీటే కనిపించదు. మెరిసే ముఖానికే డబ్బులు తేలిగ్గా వస్తాయి, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఇకనుంచి మా దగ్గర ముఖాలకి డిఫ్యూజన్ వాడం. వెనక గోడ, చెట్లు, ఆకాశం వరకే. చీర అంచు కూడా వద్దు, లేని జరీ పూలు పూస్తాయి. మీరు కావాలనే చేయించుకుంటే ప్రింటు వెనక ఆ మాట రాసి, పాతదాని కాపీ జతచేసి ఇస్తాం.

కేసులకీ ఆస్తి తగాదాలకీ ఫొటో పెద్దది చేయమని అడిగేవాళ్లకి మాత్రం చేయం. 2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కింగ్ కౌంటీ కోర్టు ఒక హత్య కేసులో ఏఐతో మెరుగుపరిచిన వీడియోని సాక్ష్యంగా ఒప్పుకోలేదు.

నిజానికి చాలామందికి ఈ యాప్‌ల అవసరమే లేదు. ఐదున్నర అంగుళాలకి మూడున్నర ఉండే పోస్ట్‌కార్డు సైజు ప్రింటుని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే 3300కి 2100 పిక్సెళ్లు వస్తాయి. 12కి 18 అంగుళాల ఫ్రేముకి అంగుళానికి 175 పిక్సెళ్లు పడతాయి, గోడ మీద చూడ్డానికి అది చాలు. ప్రింటే మసకగా ఉంటే స్కానూ మసకగానే వస్తుంది, కానీ ఆ మసక మీ అమ్మమ్మదే. కాబట్టి వాట్సాప్ కాపీ కాకుండా ప్రింటు తీసుకురండి. పాత ఫ్రేములో అద్దానికి అంటుకుని ఉంటే మీరు లాగొద్దు, పూత అద్దంతోపాటు వచ్చేస్తుంది. ఫ్రేముతోనే తెచ్చేయండి, అద్దం మీదుగానే స్కాన్ చేస్తాం.