కొటేషన్లు పోల్చేటప్పుడు

సభ్యులందరికీ నమస్కారం. ముడిసరుకు కొటేషన్లను శుక్రవారం ఖరారు చేస్తాం కాబట్టి, ఈలోగా ప్రతి ఒక్కరూ తమ వద్దనున్న కొటేషన్‌ను, పైన కనిపించే ధరను కాక, వాడకానికి పనికొచ్చే కిలోకు పడే ఖర్చును లెక్కగట్టి పంపగలరు.

ఉదాహరణకు, ఒకరు కిలో 100కు ముందస్తు చెల్లింపుతోనూ, మరొకరు 104కు 60 రోజుల గడువుతోనూ ఇస్తామన్నారనుకుందాం. ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన ముందుగా కట్టిన సొమ్ముపై 60 రోజులకు సుమారు 2 పడుతుంది గనుక మొదటిది 102 అవుతుంది. అందులో 8 శాతం తరుగు పోతే పనికొచ్చే కిలో దాదాపు 111 పడుతుంది; 2 శాతమే తరుగున్న రెండోది మాత్రం 106తో సరిపోతుంది.

తరుగు శాతాన్ని సరఫరాదారు మాటపై వేయకండి, నమూనా సరుకును మన యంత్రంపై నడిపి తూచండి. ఏరి పంపిన నమూనా ఎప్పుడూ బాగానే ఉంటుంది. అందుచేత మామూలు లాటు నుంచే తీయించండి. రవాణా ఖర్చు ధరలో కలిసి ఉందో లేదో కూడా రాయడం మరవవద్దు.