నీ లెక్కా, రిపోర్టు లెక్కా

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం చదివాను. జనవరి 25న సెలవు మీద మస్కట్ నుంచి ఇంటికి చేరానని, మార్చి 11కి లెక్కవేస్తే నీ భార్య గర్భానికి 6 వారాల 3 రోజులే అవుతుంటే స్కానింగ్ రిపోర్టులో 7 వారాల 4 రోజులని ఉందేమిటని అడిగావు. ప్రసవాల డాక్టరుగా ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నీ లెక్కలో తప్పు లేదు, రిపోర్టులోనూ లేదు. లెక్క మొదలుపెట్టిన రోజులే వేరు.

మేము గర్భాన్ని చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తాం. అంటే మొదటి రెండు వారాల్లో కడుపులో ఏమీ ఉండదు! వింతగా అనిపించినా దీనికి కారణం ఉంది. అండం విడుదలైన రోజు ఎవరికీ కనిపించదు. కలిసిన తేదీ గుర్తున్నా లాభం లేదు, ఎందుకంటే వీర్యకణాలు అయిదు రోజుల దాకా బతికి ఉండి అండం కోసం ఎదురుచూడగలవు. నెలసరి మొదలైన రోజు మాత్రం చాలామంది స్త్రీలు చెప్పగలరు. మన అమ్మమ్మలు "నెల తప్పింది" అన్నదీ ఆ గుర్తు పట్టుకునే కదా.

ఆ రోజుకు 280 రోజులు కలిపితే డెలివరీ తేదీ. జర్మన్ వైద్యుడు నేగెలె పేరుతో చెప్పే సులువు ఏమిటంటే, ఏడు రోజులు కలిపి మూడు నెలలు వెనక్కి వెళ్లి, సంవత్సరం సరిచూసుకోవడం. చెల్లెమ్మకు 2025 జనవరి 10న నెలసరి వచ్చింది కనుక 17 అవుతుంది, అక్టోబర్ 17 వస్తుంది. అయితే ఈ సూత్రం 28 రోజులకొకసారి నెలసరి వచ్చి, 14వ రోజున అండం విడుదలయ్యే వారి కోసం. చెల్లెమ్మకు 35 రోజులకొకసారి వస్తుందని నువ్వే రాశావు. నెలసరి ఆలస్యమయ్యేవారిలో సాధారణంగా సాగేది అండం విడుదలకు ముందు భాగమే కనుక, ఆమెకు అది జనవరి 31 ప్రాంతంలో జరిగి ఉంటుంది, అంటే నువ్వు వచ్చాకే.

స్కానింగ్ కూడా అదే చెబుతోంది. నెలసరి ప్రకారం మార్చి 11కి 8 వారాల 4 రోజులు కావాలి. కానీ శిశువు తల నుంచి పిరుదుల దాకా కొలిస్తే 7 వారాల 4 రోజులకు సరిపోయింది. ఈ దశలో తేడా అయిదు రోజులు దాటితే స్కానింగ్ తేదీనే తీసుకుంటాం, కనుక డెలివరీ తేదీ అక్టోబర్ 24. తర్వాతి నెలల స్కానింగుల్లో వేరే తేదీ కనిపించినా దీన్ని మార్చనివ్వకు. అప్పటికి ఒక్కో శిశువు ఒక్కోలా పెరుగుతుంది, కాబట్టి కొలతను బట్టి వయసు చెప్పడం కష్టం.

ఆ తేదీనే పుట్టేవారు నూటికి అయిదుగురు కూడా ఉండరు. 37 వారాలు నిండే రోజు అక్టోబర్ 3, ఆ తర్వాత ఎప్పుడైనా పుట్టవచ్చు, కనుక సెలవు అడిగేటప్పుడు అప్పటి నుంచే అడుగు.

నీ
శ్రీను