గబ్బిలాల చెట్టు సరే, క్యాజువాలిటీ సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

మా కాలనీ చివర ఒక పాత చింతచెట్టు ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దాని నిండా గబ్బిలాలే. గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ జబ్బు కేరళలో వచ్చిందని టీవీలో చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ చెట్టు కొట్టించేయమంటారు. ఈసారి అర్జీ రాసి సంతకాలు కూడా మొదలుపెట్టారు. నా దగ్గరికీ వచ్చారు, నేను పెట్టలేదు. గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం క్యాజువాలిటీలోనే గడిచింది. సంతకం ఎందుకు పెట్టలేదో నలుగురికీ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గబ్బిలాలను చంపితే ఏమవుతుందో ఉగాండాలో తెలిసింది. అక్కడ కిటాకా అనే బంగారు గనిలో 2007లో కార్మికులకు మార్బర్గ్ జ్వరం వచ్చింది. అది గబ్బిలాల నుంచి వచ్చే వైరస్సే. దాంతో ఆ గనిలోని గబ్బిలాలన్నిటినీ చంపేశారు. కొన్నేళ్లకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. 2012లో పరీక్షిస్తే, వైరస్ ఉన్నవాటి వాటా ముందుకంటే రెట్టింపు దాటింది. అదే ఏడాది దగ్గర్లోని ఇబండా పట్టణంలో మళ్లీ జబ్బు బయటపడింది. అంతకుముందు వైరస్ సోకక, దాన్ని తట్టుకునే శక్తి లేని గబ్బిలాలు ఖాళీ అయిన చోటుకి గుంపులుగా రావడమే దీనికి కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. మన చింతచెట్టు కొట్టేసినా గబ్బిలాలు చావవు, ఇంకో నాలుగు చెట్లకు చెదిరిపోతాయంతే.

నిపా మనిషిదాకా రావడానికి చాలాసార్లు వాటి ఎంగిలే కారణం. బంగ్లాదేశ్‌లో చలికాలంలో ఈతచెట్టుకు గాటు పెట్టి, రాత్రంతా కుండలోకి రసం పట్టి, తెల్లారి పచ్చిగానే తాగుతారు. రాత్రిపూట కెమెరాలు పెట్టి చూస్తే, గబ్బిలాలు వచ్చి ఆ గాటును నాకుతూ కనిపించాయి. పులిసిన కల్లు తాగినవాళ్లకూ అక్కడ జబ్బు వచ్చింది. కల్లులో ఉండే కాస్త ఆల్కహాల్‌కు ఈ వైరస్ చావదు. మన పల్లెల్లో తాటికల్లు గీసేవాళ్లు గాటునూ కుండనూ కలిపి చాపతోనో తట్టతోనో కప్పితే మంచిది. అక్కడ వెదురు తడికలతో ఇలా కప్పి చూశారు, గబ్బిలాల నోరు రసానికి అందలేదు. కొరికి పడేసిన జామకాయ, మామిడికాయ పిల్లలు తినకుండా చూసుకోవాలి. చెట్టు వైపు నుంచి మనం చేయగలిగింది దాదాపు ఇంతే.

అసలు భయపడాల్సింది ఆస్పత్రి గురించి. 2018 మేలో కేరళలోని కోళికోడ్ జిల్లాలో జరిగిందే చూడండి. పేరాంబ్ర దగ్గర ఒక యువకుడికి జ్వరం వచ్చి తాలూకా ఆస్పత్రిలో చేరాడు. అక్కడి నుంచి మెడికల్ కాలేజీకి పంపారు. స్కానింగ్‌కు తీసుకెళ్లారు, మే 5న చనిపోయాడు. అది మామూలు మెదడువాపే అనుకున్నారు. పన్నెండు రోజుల తర్వాత అతని అన్నదమ్ముల్లో ఒకరిని అవే లక్షణాలతో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తెచ్చారు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఇలా ఎందుకు వస్తుందని అక్కడి డాక్టర్లు ఆగి ఆలోచించారు. మణిపాల్ ల్యాబుకు శాంపిళ్లు పంపారు, నిపా అని తేలింది. అప్పటికే చాలామందికి అంటుకుపోయింది. మొత్తం 23 మంది జబ్బుపడితే 21 మంది పోయారు. వీళ్లలో చాలామంది ఏ గబ్బిలం దగ్గరికీ వెళ్లలేదు. అదే సమయంలో అదే వార్డులో, అదే స్కానింగ్ వరండాలో ఉన్నారు, అంతే. కొందరైతే వేరే రోగికి తోడుగా వచ్చినవాళ్లు. తాలూకా ఆస్పత్రిలో ఆ యువకుడికి సేవ చేసిన నర్సు లినీ పుతుస్సేరి మే 21న చనిపోయింది. ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. నా వృత్తి అదే కాబట్టి, ఆమె మాట వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నిపా కరోనాలాగా ఊరంతా పాకే జబ్బు కాదు. ఎక్కువమంది రోగుల నుంచి ఇంకొకరికి అంటనే అంటదు. జబ్బు ముదిరి, దగ్గూ ఆయాసమూ ఎక్కువై, నోటి నుంచి స్రావాలు కారే స్థితిలో ఉన్న కొద్దిమంది నుంచే చాలామందికి అంటుతుంది. సరిగ్గా ఆ స్థితిలోనే మనిషిని ఆస్పత్రికి తెస్తారు. కాబట్టి మొదటి రోగిని తలుపు దగ్గరే గుర్తుపడితే అక్కడితో ఆగిపోతుంది. 2019లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థి విషయంలో డాక్టర్లు ముందే అనుమానించారు. అతనితో మెలిగిన మూడు వందల మందికి పైగా జనాన్ని కనిపెట్టి చూశారు. ఒక్కరికీ రాలేదు, ఆ అబ్బాయి కూడా బతికాడు.

మరి మన దగ్గర తలుపు దగ్గర ఏం జరుగుతోంది? నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఒక రాత్రి ఫిట్స్‌తో ఒకాయన్ను తెచ్చారు. తీవ్రమైన జ్వరం, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, ఆగకుండా దగ్గు. స్ట్రెచర్ చుట్టూ ఏడుగురు. భార్య పైటకొంగుతో ఆయన మూతి తుడుస్తోంది, అదే కొంగుతో తన కళ్లు ఒత్తుకుంటోంది. స్కానింగ్ కోసం వరండాలో గంటన్నర ఉంచాం. పక్కన బెంచీ మీద చంటిబిడ్డతో ఒక తల్లి కూర్చుని ఉంది. ఆయనది నిపా కాదు, వేరే జబ్బు. అయినా ఆ ఏడుగురి పేర్లు ఎవరం రాసుకోలేదు, ఆ తల్లి ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

విజయవాడ, గుంటూరు ఆస్పత్రుల వాళ్లను నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. జ్వరంతో పాటు మతి తప్పడమో ఫిట్సో ఉండి, దగ్గు కూడా ఉంటే, ఆ రోగికి వెంటనే మాస్కు పెట్టి వేరే గదికి తీసుకెళ్లాలి. ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ ఈ మూడు వారాల్లో ఎవరికైనా ఇలాగే వచ్చిందా అని అప్పుడే అడగాలి. కోళికోడ్‌లో గుట్టు విప్పింది ఆ ఒక్క ప్రశ్నే. స్కానింగ్ తప్పనిసరైతే వరండా ఖాళీ చేయించి తీసుకెళ్లి, తర్వాత ఆ గదిని బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. దగ్గర ఉండి చూసే సిబ్బందికి ఎన్95 మాస్కు, గౌను, గ్లౌజులు, కళ్లద్దాలు ఇవ్వాలి. తోడుగా ఒక్కరినే ఉంచాలి. గదిలోకి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరూ ఫోన్ నంబరూ తలుపు దగ్గర ఒక రిజిస్టర్‌లో రాయాలి. నిపా అని తేలితే ఆ రిజిస్టరే అన్నిటికంటే పెద్ద ఆధారం. అందులోని వాళ్లకు 21 రోజులు జ్వరం చూస్తూ ఉండాలి, వస్తే ఇంట్లోంచి నేరుగా వేరు గదికే తేవాలి.

చెప్పడానికి కష్టంగా ఉన్న మాట ఒకటి ఉంది. ఇలాంటి జబ్బుతో పోయిన మనిషికి మనవాళ్లు స్నానం చేయించి, ముఖం తడిమి, మీదపడి ఏడుస్తారు. ఆ శరీరంలో ఇంకా వైరస్ ఉంటుంది. కేరళలో శవాన్ని సంచిలో మూసి, స్నానాలు లేకుండా, దూరం నుంచే చూడనిచ్చారు. ఆ వేళ బంధువులకు ఈ మాట ఎవరో ఒకరు ప్రేమగా కూర్చోబెట్టి చెప్పాలి. అది సెక్యూరిటీ గార్డు గద్దించి చెప్పే మాట కాదు. ఆ మాట చెప్పే మనిషి ఎవరో ప్రతి ఆస్పత్రీ ఇప్పుడే నిర్ణయించుకోవాలి.

మా కాలనీ పిల్లలకు కూడా ఇదే చెప్పాను. చెట్టు అర్జీ పక్కనపెట్టి, మన రెండు ఊళ్లలోని పెద్ద ఆస్పత్రుల క్యాజువాలిటీల్లో వేరు గదులు ఎన్ని ఉన్నాయో, అక్కడ వచ్చిపోయేవాళ్ల రిజిస్టర్ ఉందో లేదో అడుగుతూ కలెక్టరు గారికి రాయమన్నాను. దాని మీద మొదటి సంతకం నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
గుంటూరు