మా కాలనీ సంఘం వార్షిక నివేదిక: చౌరస్తా ఫొటోలో దొరికిన తాత

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది బోరు మోటారు రెండుసార్లు రిపేరు చేయించాం, బతుకమ్మకు మైదానం శుభ్రం చేయించాం, లెక్కల కాగితం విడిగా పంపుతున్నాం. సెప్టెంబర్ 17న హాల్లో పెట్టిన పాత ఫొటోల ప్రదర్శన గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

సభ్యులు ఇళ్ల నుంచి తెచ్చిన ఫొటోల్లో వరంగల్ చౌరస్తాలో తీసిన ఊరేగింపు ఫొటో ఒకటుంది. జెండా పట్టుకున్న మనిషి పక్కన ఒక చిన్న పిల్లాడు. ఎనిమిదో తరగతి చదివే మన కాలనీ బాబు దాని ముందు చాలాసేపు నిలబడి, ఆ పిల్లాణ్ని చూపిస్తూ "గీయన మా తాతనే" అన్నాడు. చింతచెట్టు మీంచి పడ్డప్పుడు కనుబొమ్మ మీద తెగిన గాటు వాళ్ల తాతకు ఇప్పటికీ ఉంది. కానీ తాతకు గాటు ఎడమ కనుబొమ్మ మీద, ఫొటోలో కుడి కనుబొమ్మ మీద, అందుకని పెద్దవాళ్లం, నేనూ, కాదురా నాయినా అని పంపేశాం.

వాడు ఊరుకోలేదు. ఫొటోను ఫోన్‌లో తీసుకుపోయి, మెట్లు ఎక్కలేని ఎనభై ఏడేళ్ల తాతకు చూపించాడు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన ఆయన తన ముఖం కంటే ముందు వెనక దుకాణం బోర్డు చూసి, "అక్షరాలు ఉల్టా ఉన్నయి బిడ్డా" అన్నారట. అప్పుడు మేమూ మళ్లీ చూశాం. మగవాళ్ల చొక్కాల్లో ఎడమ అంచు పైకి రావాలి, ఇందులో అందరికీ కుడి అంచే పైన ఉంది. నెగెటివ్‌కు మసక వైపు, మెరిసే వైపు ఉంటాయి, మసక వైపు కాగితం దిక్కు ఉండాలి, తిప్పి పెడితే ప్రింటు అద్దంలో చూసినట్టు వస్తుంది. ఫొటోను ఫోన్‌లో కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పగానే బోర్డు సరిగ్గా వచ్చింది, గాటు ఎడమ కనుబొమ్మ మీదికి వచ్చింది.

1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ ఇచ్చిన జాయిన్ ఇండియా పిలుపు నాటి ఊరేగింపు అది అని తాత చెప్పారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఇక్కడ 1948 సెప్టెంబర్ 17 దాకా నిజాం పాలనే కదా. బడి ఎగ్గొట్టి పోయినందుకు సర్కారు కొలువు చేసే వాళ్ల నాయిన బాగా కొట్టి, ఈ మాట ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట. నాయిన పోయాక కూడా ఆ ఒట్టు నోరు కట్టేసిందని మనవడితో అన్నారు.

అసలు ఫొటోను అలాగే ఉంచి, సరిచేసిన కాపీని పక్కన తగిలించాం. వెనక పెన్సిల్‌తో తాత పేరు రాశాం, పెన్ను సిరా ముందుకు దిగుతుంది. జెండా పట్టుకున్న ఆయన ఎవరో తాతకు గుర్తు రాలేదు. మీ ఇంటి పెద్దలకు ఆ కాపీ ఒకసారి చూపించండి, హాలు తాళం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి