పరగడుపు కార్లు

సంపాదకులు గారికి,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో ‘అక్రమ పార్కింగ్‌పై కొరడా’ అని నాలుగు కాలమ్‌ల వార్త వేశారు. ట్రంకు రోడ్డులో ఒక ఆటోకి తాళం వేస్తున్న ఫొటో కూడా ఉంది. చూసి సంతోషించాను. ఆ కొరడా మా వీధి దాకా ఎప్పుడొస్తుందో కనుక్కుందామని వెంటనే రాయాల్సింది. మా ఆవిడ ఆరోగ్యం బాగాలేక ఆలస్యమైంది. ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు, ఇక్కడ ఏమీ మారలేదు గనక.

మాది నెల్లూరు జిల్లాలోనే ఒక పట్టణం. ఊరు, వీధి పేర్లు మీకు విడిగా రాసి పంపాను, పేపర్లో వేయొద్దు. ఎవరి పరువూ తీయాలని కాదు. మా వీధిలో నాలుగేళ్ల కిందట ఒక రక్త పరీక్షల, స్కానింగుల కేంద్రం వచ్చింది. రావడం మంచిదే. మండలాల నుంచి జనం బస్సుల్లో నెల్లూరు పోయే బాధ తప్పింది. కానీ పరగడుపు పరీక్షలు గదా, తెల్లవారి ఆరు కాకముందే కార్లు మొదలవుతాయి. కేంద్రం గేటు ముందు నాలుగు పడతాయి. ఐదోది మా గేటు ముందు పడుతుంది.

మా ఆవిడకి వారానికి మూడు రోజులు డయాలసిస్. పొద్దున ఏడు గంటల స్లాటు. మనిషి మంచం మీద పడుకున్నాక నాలుగు గంటలు మిషను నడవాలి. మనం ముప్పావుగంట ఆలస్యంగా పోతే, తరవాతి పేషెంటు టైముకి లేవాలి గనక ఆ ముప్పావుగంటా తగ్గించేస్తారు. వాళ్ల తప్పు కాదు. మిషన్లు ఉన్నవే తక్కువ. కానీ ఆ తగ్గిన టైము సాయంత్రానికి కాళ్ల వాపులో కనిపిస్తుంది. గేటు ముందు కారు ఆపేవాడికి ఈ లెక్క తెలియదు. ‘రెండు నిముషాలు పెద్దాయనా, సార్ లోపలున్నారు’ అంటాడు డ్రైవరు. ఆ రెండు నిముషాల్ని నేను నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను.

ఖజానా ఆఫీసులో ముప్పై మూడేళ్లు లెక్కలు చూసినవాణ్ణి, ఆ అలవాటు పోలేదు. జూన్ 9 నుంచి జులై 20 దాకా 42 రోజులు, బండి నంబరు, ఎప్పుడు ఆపారు, ఎప్పుడు తీశారు అని గీతలు గీసి రాశాను. 42 రోజుల్లో 29 రోజులు గేటు మూసుకుపోయింది. మొత్తం 61 సార్లు. ఇవన్నీ పాపం దూరం నుంచి వచ్చిన రోగుల బండ్లే అనుకున్నాను. కూడి చూస్తే 61లో 38 సార్లు ఆపినవి నాలుగే నాలుగు కార్లు. అవి రోగులవి కావు. ఆ కేంద్రంలో పనిచేసే వాళ్లవి, ఇంకా అక్కడికి రోజూ వచ్చే ఒక పెద్దమనిషివి. రోగుల కార్లు నేను పోయి చెబితే పది పదిహేను నిముషాల్లో తీశారు, కొందరు క్షమించమని కూడా అన్నారు. ఈ నాలుగు మాత్రం పొద్దున ఆరున్నరకి వచ్చి పదకొండుకి గానీ కదలవు. కాబట్టి ఊరంతా వేల కార్లయిపోయాయి, ఏం చేస్తాం అనే మాట నా దగ్గర చెల్లదు. మా వీధి సంగతి నాలుగు కార్లది.

ఈ నోటుబుక్కు పట్టుకుని ట్రాఫిక్ వాళ్ల దగ్గరికి పోయాను. కానిస్టేబులు మర్యాదగానే మాట్లాడాడు. ‘అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు సార్, కేసు రాయలేం. బోర్డు పెట్టాల్సింది మున్సిపాలిటీ’ అన్నాడు. మున్సిపాలిటీకి పోతే ‘బండ్లు మా పరిధి కాదు, ట్రాఫిక్ వాళ్లది’ అన్నారు. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి నేను తిరిగిన ఆటో ఖర్చు కూడా నోటుబుక్కులో ఉంది. అది వేరే పేజీ.

బోర్డు మాట తప్పు. దేశమంతటికీ వర్తించే 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలే, ఫుట్‌పాత్ మీద బండి ఆపకూడదు, ఇంటి దారికి అడ్డంగా ఆపకూడదు అంటున్నాయి. ఇంటి గేటుకి బోర్డు కావాలని అందులో లేదు. గేటే బోర్డు. మోటారు వాహనాల చట్టం 177 సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా జరిమానా ఉంది. ఆపకూడని చోట ఆపిన బండిని లాగించడానికీ, చక్రానికి తాళం వేయించడానికీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి 127 సెక్షన్ అధికారం ఇస్తుంది. బండి వెనక నంబరు, మా గేటు రెండూ ఒకే ఫొటోలో పడితే చలానాకి ఇంకేం కావాలో నాకు తెలియలేదు. అట్లాంటి ఫొటోలు నా ఫోన్లో 38 ఉన్నాయి.

నేనూ బుద్ధి తక్కువ పని ఒకటి చేశాను, దాచడం దేనికి. ‘ఇక్కడ బండి ఆపితే టైర్లలో గాలి తీయబడును’ అని అట్టముక్క మీద రాసి గేటుకి కట్టాను. అదే కానిస్టేబులు చూసి ‘పెద్దాయనా, నిజంగా గాలి తీస్తే కేసు మీ మీదవుతుంది’ అన్నాడు. నిజమే, తీసేశాను. తరవాత గేటుకి రెండు పక్కలా రెండు సిమెంటు పూలకుండీలు పెట్టాను. చూడండి విచిత్రం, మూడో రోజే మున్సిపాలిటీ బండి వచ్చి ‘రోడ్డు ఆక్రమణ’ అని వాటిని ఎత్తుకుపోయింది. నాలుగేళ్లుగా కార్లు తీయడానికి దొరకని మనుషులు కుండీలు తీయడానికి నలుగురు దొరికారు.

సోమవారం అర్జీల్లో కూడా ఇచ్చాను. రెండు వారాలకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. ఎట్లా పరిష్కారమైందని పోయి అడిగితే కాగితం చూపించారు. ‘స్థలమును పరిశీలించగా ఆ సమయమున అడ్డముగా వాహనములు లేవు’ అని ఉంది. ఆ సమయం ఏదయ్యా అంటే మధ్యాహ్నం మూడున్నర. పరగడుపు పరీక్షకి మధ్యాహ్నం మూడున్నరకి ఎవరొస్తారు సామీ? అర్జీలో నేను టైముతో సహా రాశాను, పొద్దున ఆరున్నర నుంచి పదకొండు అని. చదివిన ఆనవాలు లేదు. ఈ మధ్య అన్ని ఆఫీసుల్లోనూ ఇదే వరస. అర్జీ తీరిందా అన్నది కాదు, లిస్టులోంచి పోయిందా అన్నదే లెక్క. మేం పనిచేసే రోజుల్లో బిల్లు తిప్పి పంపినా ఎందుకు తిప్పామో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టేవాళ్లం.

అసలు సంగతి ఈ కార్ల యజమానుల దగ్గర లేదని నాకు తరవాత అర్థమైంది. మా వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే అమ్మాయి మంచిది. ‘తాతయ్యా, ఆ బిల్డింగుకి సెల్లారు ఉండాలే, ప్లాను అడగండి’ అంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగాను. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వలేదు. మొదటి అప్పీలు వేస్తే 41వ రోజు వచ్చింది. మంజూరైన ప్లానులో సెల్లారు మొత్తం పార్కింగే. పన్నెండు కార్లకి గళ్లు గీసి ఉన్నాయి. ఇప్పుడు అదే సెల్లారులో ఏముందో ఎవరైనా పోయి చూడొచ్చు. మందుల షాపు ఒకటి, రక్తం తీసే గదులు, వెయిటింగ్ కుర్చీలు, మూలన జనరేటరు. పన్నెండు కార్ల చోటు లోపల అద్దెకీ వ్యాపారానికీ పోతే, ఆ కార్లు పోవాల్సింది ఇంకెక్కడికి? మా గేటు ముందుకి.

ఇట్లాంటి కట్టడాలకి ప్లాను ఇచ్చేటప్పుడు అందులో పదో వంతు మున్సిపాలిటీ దగ్గర తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టారని చూసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే దాన్ని వదలాలి. వదిలారా, వదిలితే సెల్లారు చూసి వదిలారా అని రెండో దరఖాస్తు పెట్టాను. ‘సమాచారము సేకరించబడుచున్నది’ అని జవాబు. సేకరించడానికి అదే ఆఫీసులో పక్క బీరువా తీస్తే చాలు.

ఇక ఫుట్‌పాత్ సంగతి. మా వీధిలో ఫుట్‌పాత్ అంటే వేరే ఏమీ లేదు, మురుగు కాలువ మీద పరిచిన పలకలే. అవి మనుషులు నడవడానికి పోసిన పలకలు. టన్ను పైన బరువున్న కారు రెండు చక్రాలు వాటి మీదికెక్కించి ఆపితే నిలుస్తాయా? మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఏడు పలకల్లో మూడు విరిగాయి. విరిగిన ముక్కలు కాలువలో పడి నీళ్లు నిలిచాయి. మన జిల్లాలో నీళ్లు నిలిస్తే ఏం పుడతాయో మీ పాఠకులకి నేను చెప్పక్కరలేదు. పక్కింటి ముసలమ్మ ఆ పలకల మీదే గుడికి పోయేది. ఇప్పుడు రోడ్డు మధ్యలో పోతోంది, వెనక హారన్లు. నా తప్పు కూడా ఉంది. నా గేటు ర్యాంపు కాలువ దాటి రోడ్డులోకి రెండడుగులు వచ్చి ఉండేది. సచివాలయం అమ్మాయే చెబితే పోయిన నెల కొట్టించాను, కూలీ 1800 అయింది.

మన పోలీసులకి చేతకాదని నేననను. రొట్టెల పండుగకి మా ఊరి స్టేషన్ వాళ్లు కూడా నెల్లూరు బందోబస్తుకి పోతారు. స్వర్ణాల చెరువు దగ్గర అంత జనంలో ఏ బండి ఎక్కడ ఆగాలో తాళ్లు కట్టి, పక్కన నిలబడి ఆపించేది వీళ్లే. అంత చేసేవాళ్లకి నాలుగు కార్లు కష్టమా?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక్క వారం, పొద్దున ఆరూ ముప్పావుకి ఎవరైనా వచ్చి నిలబడండి. ఆ నాలుగు నంబర్లకీ చలానా రాయండి, మళ్లీ ఆపితే రెండోసారి రేటు వేయండి. సెల్లారులో గళ్లు ప్లానులో ఉన్నట్టు గీయించండి. తనఖా గురించి నా రెండో దరఖాస్తుకి జవాబు ఇప్పించండి. మూడు పలకలు మార్చండి.

ఇంకొకటి. తీసుకుపోయిన కుండీలు ఆఫీసు వెనక షెడ్డులో ఉన్నాయట, మా ఇంటికి నీళ్లు వదిలే అబ్బాయి చూశాడు. కుండీలు అక్కరలేదు, ఉంచుకోండి. ఎడమవైపు దానిలో కరివేపాకు మొక్క ఉంది, మా ఆవిడ నాటింది. ఎండిపోకముందే దాన్నొక్కటీ ఇప్పిస్తే నేనే వచ్చి తీసుకుపోతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
నెల్లూరు జిల్లా